ఇంట్లో మనిషికి ఆర్డర్ల ప్యాకింగ్ తప్పుల్లేకుండా ఎలా నేర్పాలి?

ప్రశ్న: నేను ఇంటి నుంచి జుట్టు క్లిప్పులు, హెయిర్ బ్యాండ్లు, చెవిదిద్దులు ఆన్‌లైన్‌లో అమ్ముతాను. రోజుకు పది, పదిహేను ఆర్డర్లు ఉంటాయి. రెండు నెలలుగా మా మరదలు ప్యాకింగ్‌లో సాయం చేస్తోంది. శ్రద్ధగానే చేస్తుంది, కానీ వారానికి రెండు మూడు పార్సిళ్లు తప్పుగా వెళ్తున్నాయి. ఒకరిది ఇంకొకరికి, ఎరుపు బదులు మెరూన్, రెండు పెట్టాల్సిన చోట ఒకటి. చెక్‌లిస్ట్ రాసిచ్చాను, అన్నిటికీ టిక్ పెడుతుంది, అయినా తప్పులు ఆగలేదు. ఇంట్లో మనిషి కదా, గట్టిగా అనలేను. ఎలా నేర్పాలి?

సమాధానం:

అన్నిటికీ టిక్ పడి కూడా తప్పు వెళ్తోందంటే, ఆ టిక్కులు పని అయ్యాక ఒకేసారి పడుతున్నాయని నా అనుమానం. ఒక్కరోజు ఆమె పక్కన కూర్చుని ఏమీ అనకుండా గమనించండి. వస్తువులు తీయడం, కవర్లో పెట్టడం, టేప్ వేయడం అన్నీ అయ్యాక పెన్ను తీసుకుని పైనుంచి కిందిదాకా వరసగా టిక్ పెడుతూ ఉంటుంది. ఆ టిక్ చూసి పెట్టింది కాదు, గుర్తు చేసుకుని పెట్టింది. ఎరుపు తీశానని నమ్మిన మనిషి జ్ఞాపకంలో ఎరుపే ఉంటుంది, చేతికి వచ్చింది మెరూన్ అయినా సరే.

నేను ఆరేళ్లుగా ఇంటి నుంచి ఇలాంటి చిన్న వస్తువులే పంపుతున్నాను. మొదట మా అమ్మ, తర్వాత మా పెద్దమ్మ కూతురు ప్యాకింగ్ చూసుకున్నారు. ఇద్దరికీ నేర్పడంలో నాకు అర్థమైనది ఒకటే. తప్పులు ప్యాకింగ్ దగ్గర పుట్టవు. వస్తువు అరలోంచి తీసేటప్పుడు కొన్ని పుడతాయి, లేబుల్ అతికించేటప్పుడు కొన్ని. ఈ రెండు చోట్లా పని జరిగే పద్ధతి మార్చకుండా "జాగ్రత్తగా చెయ్యి" అని ఎన్నిసార్లు చెప్పినా టెన్షన్ పెరుగుతుంది తప్ప తప్పులు తగ్గవు.

ముందు లేబుల్ సంగతి చెప్తాను, ఒకరి పార్సిల్ ఇంకొకరికి వెళ్లేది ఎక్కువగా అక్కడే.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. ఒకరోజు 14 ఆర్డర్లు వచ్చాయి. అప్పట్లో మా పద్ధతి ఏంటంటే, ముందు అన్నీ ప్యాక్ చేసి వరసగా బల్ల మీద పేర్చడం, తర్వాత ప్రింటరు నుంచి లేబుళ్లు తీసి అదే వరసలో అతికించడం. ఆరో ఆర్డర్‌లోని క్లిప్ విరిగి ఉందని అమ్మ దాన్ని పక్కన పెట్టింది. పెట్టడం సరైనదే. కానీ ఆరో లేబుల్ మాత్రం లేబుళ్ల కట్టలోనే ఉండిపోయింది. అది ఏడో పార్సిల్ మీద పడింది, ఏడోది ఎనిమిదో దాని మీద, అలా చివరిదాకా. ఆఖరున ఒక లేబుల్ మిగిలింది, ఒక ఆర్డర్ పక్కన ఉంది. లెక్క సరిపోయినట్టే కనిపించింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఎనిమిది మందికి వేరేవాళ్ల వస్తువులు వెళ్లాయి, పద్నాలుగో ఆర్డర్ పెట్టినావిడకు అసలు ఏమీ వెళ్లలేదు. అమ్మ ఒక్క వస్తువు కూడా తప్పు తీయలేదు, ఒక్కటి కూడా తప్పు ప్యాక్ చేయలేదు. తప్పు నేను పెట్టిన వరసది.

ఆ రోజు నుంచి లేబుల్‌ను ఆఖరున తీసుకురావడం మానేశాం. ఉదయం ఆర్డర్ స్లిప్పులు, లేబుళ్లు రెండూ ప్రింట్ చేసిన వెంటనే, ఏ స్లిప్‌కు ఆ స్లిప్ లేబుల్‌ను పిన్ను లేకుండా క్లిప్‌తో కలిపేస్తాను. కలిపేటప్పుడు పేరు కాకుండా ఆర్డర్ నంబర్‌లోని చివరి నాలుగు అంకెలు రెండిటి మీదా చూస్తాను. పేర్లు ఒకేలా ఉండొచ్చు, ఒకే మనిషి రెండు ఆర్డర్లు పెట్టొచ్చు. కానీ ఆర్డర్ నంబర్ ఒకరిది ఇంకొకరికి ఉండదు. ఆ జత ఒక ట్రేలో పడుతుంది. ఒక ఆర్డర్‌కు ఒక ట్రే. చిన్న ప్లాస్టిక్ బుట్టలైనా, చెప్పుల డబ్బా మూతలైనా సరిపోతాయి. అక్కడి నుంచి ఆ స్లిప్, ఆ లేబుల్, ఆ వస్తువులు కలిసే తిరుగుతాయి. ఏదైనా ఆర్డర్ ఆగాల్సి వస్తే ట్రే మొత్తం ఎర్ర క్లిప్ పెట్టిన వేరే అరలోకి వెళ్తుంది, దాని లేబుల్ కూడా దాంతోపాటే వెళ్తుంది. ఇక ఒకరి లేబుల్ ఇంకొకరి మీదకు జరగడానికి దారి ఉండదు.

ఇంకొక నియమం: బల్ల మీద ఒకసారికి ఒక్క ట్రేనే తెరిచి ఉండాలి. రెండు పార్సిళ్లు పక్కపక్కన తెరిచి, ఇందులో ఒకటి అందులో ఒకటి వేస్తూ పోతే త్వరగా అవుతుందనిపిస్తుంది. కానీ ఆ వేగం కోసం ఒక్క తారుమారు జరిగినా రెండు పార్సిళ్లు పాడవుతాయి. మీ మరదలికి ఈ ఒక్కటి అలవాటైతే సగం తప్పులు అక్కడే ఆగుతాయని నా నమ్మకం.

ఇప్పుడు అరలోంచి తీయడం. ఎరుపు, మెరూన్ తేడా చూసి చెప్పమని ఎవరినీ అడక్కండి. సాయంత్రం బల్బు వెలుతురులో నాకే తెలియదు. రంగును కళ్లతో కాకుండా నంబర్‌తో గుర్తుపట్టేలా చేయాలి. ప్రతి వస్తువుకు, అందులో ప్రతి రంగుకు, ప్రతి సైజుకు విడిగా ఒక నంబర్ ఇవ్వండి. ఎర్ర వెల్వెట్ బ్యాండ్ 31 అనుకుందాం, మెరూన్‌ది 57. పక్కపక్క నంబర్లు కావాలనే ఇవ్వలేదు, పక్కపక్క అరల్లో కూడా పెట్టకూడదు. ఒకేలా కనిపించేవి దగ్గరగా ఉంటే చెయ్యి పొరపాటు పడుతుంది. దూరంగా ఉంటే పొరపాటు పడాలన్నా నడిచి వెళ్లాలి. ఆ నంబర్ మూడు చోట్ల ఉండాలి: అర మీద, వస్తువు ఉన్న చిన్న కవర్ మీద, ఆర్డర్ స్లిప్ మీద. మీరు అమ్మే చోట వస్తువు పేరులోనే ఈ నంబర్ చేర్చగలిగితే స్లిప్ మీద దానంతట అదే వస్తుంది. లేదంటే ఉదయం మీరే చేత్తో రాయండి, పదిహేను ఆర్డర్లకు ఐదు నిమిషాల పని.

కవర్ మీద నంబర్ ఎందుకు, అర మీద ఉంది కదా అనిపించవచ్చు. సరుకు వచ్చినప్పుడు మెరూన్ కట్ట ఎరుపు అరలో పడితే, తర్వాత నెలంతా నంబర్ సరిగ్గా చూసి తీసినా తప్పు వస్తువే వస్తుంది. చెక్‌లిస్ట్ దీన్ని పట్టుకోలేదు. అందుకే సరుకు సర్దేటప్పుడే ప్రతి కవర్‌కు చిన్న స్టిక్కర్ వేయాలి. ఆ పని మీరిద్దరూ కలిసి చేయండి, పార్సిళ్లు పంపే హడావిడిలో మాత్రం వద్దు. మాకు వారంలో ఒక ఉదయం దీనికే కేటాయింపు.

రెండు పెట్టాల్సిన చోట ఒకటి వెళ్లడం చాలా మామూలుగా జరిగే తప్పు. స్లిప్ మీద వస్తువు పేరు పెద్దగా ఉంటుంది, పక్కన ఎక్కడో చిన్నగా 2 ఉంటుంది. ఎక్కువ ఆర్డర్లలో అక్కడ 1 ఉంటుంది కాబట్టి కంటికి అది కనపడడం మానేస్తుంది. ఉదయం స్లిప్పులు కలిపేటప్పుడే 1 కంటే ఎక్కువ ఉన్న ప్రతి అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి. నేను ఇంకోటి కూడా చేస్తాను, స్లిప్ అడుగున మొత్తం ఎన్ని వస్తువులో రాస్తాను. మూడు రకాలు, వాటిలో ఒక రకం మాత్రం రెండు, అంటే మొత్తం 4. పెట్టే ముందు ట్రేలో ఉన్నవి లెక్కపెట్టి ఆ అంకెతో సరిచూడాలి.

చెక్‌లిస్ట్ గోడ మీద వద్దు, విడి కాగితం మీద వద్దు. ప్రతి స్లిప్ మీదే ఉండాలి, అదీ ఐదు గళ్ల కంటే ఎక్కువ ఉండకూడదు. మాది ఇలా ఉంటుంది:

నంబర్ చదివి తీశాను.
మొత్తం లెక్క సరిపోయింది.
విరిగినవి, మరకలు లేవు.
ఫోటో తీశాను.
స్లిప్, లేబుల్ చివరి నాలుగు అంకెలు ఒకటే.

మొదటి గడిని వస్తువు వస్తువుకూ విడిగా టిక్ పెట్టాలి. కవర్ మీది నంబర్‌ను పైకి చదవాలి, స్లిప్ మీద అదే ఉంటే అప్పుడు ఆ వరస పక్కన టిక్. ఎడమ చేత్తో వస్తువు, కుడి చేత్తో పెన్ను. పైకి చదవడం మొదట్లో ఇబ్బందిగా అనిపిస్తుంది. మా పెద్దమ్మ కూతురు రెండు రోజులు సిగ్గుపడింది. కానీ నోటితో చదివేటప్పుడు మనసు ముందే ఊహించుకోవడం తగ్గుతుంది, అక్కడ రాసి ఉన్నదే చదవాలి. నేను ఇప్పటికీ ఒంటరిగా ఉన్నా పైకే చదువుతాను.

ఫోటో గురించి ఒక మాట. సీల్ వేసే ముందు వస్తువులన్నీ, వాటి నంబర్లు, స్లిప్ ఒకే ఫ్రేములో కనపడేలా ఒక్క ఫోటో. కొనుగోలుదారు ఒకటి తక్కువ వచ్చిందని రాస్తే, వెతుక్కోవాల్సిన పని ఉండదు, మరదలిని ప్రశ్నించాల్సిన పని అంతకన్నా ఉండదు. తప్పు మనదైతే వెంటనే ఒప్పుకుని పంపేయొచ్చు. ఇంట్లో మనస్పర్థలు రాకుండా ఉండటానికి దీనికి మించిన సాయం నాకు దొరకలేదు.

ఇక నేర్పే వరస. కొత్త పద్ధతి మొత్తం ఒకేరోజు అప్పజెప్పకండి. మొదటి రోజు ప్యాకింగే వద్దు. మీరు ఒక యాభై వస్తువులు కలిపి కుప్పగా ఇవ్వండి, కవర్ మీది నంబర్ చూసి వాటిని అరల్లో సర్దనివ్వండి. ఏది ఎక్కడుందో చేతికి తెలియడానికి, తీయడం కంటే సర్దడం బాగా పనికొస్తుంది. రెండో రోజు పాత ఆర్డర్ల స్లిప్పులు ఒక పది తీసి, నిజంగా పంపేవి కాకుండా అభ్యాసానికి ఇవ్వండి. అందులో కావాలనే కష్టమైనవి ఉండాలి: ఒకే పేరుతో రెండు ఆర్డర్లు, 3 ఉన్న ఒక వరస, 31, 57 రెండూ ఉన్న ఆర్డర్, అరలో లేని వస్తువు ఉన్న ఒకటి. చివరిది చాలా ముఖ్యం. లేని వస్తువు ఎదురైనప్పుడు ఆమె ఏం చేస్తుందో చూడండి. దగ్గర్లో ఉన్న అలాంటిదే పెట్టేయడం సహజంగా వస్తుంది, అది సాయం చేయాలన్న మనసుతోనే వస్తుంది. "లేకపోతే ట్రే ఎర్ర అరలోకి, నీ పని అక్కడితో అయిపోయింది, మిగతాది నేను చూసుకుంటాను" అని స్పష్టంగా చెప్పండి. నిర్ణయం తీసుకునే బరువు ఆమె మీద లేకుండా చేయండి.

మూడో రోజు నుంచి అసలు ఆర్డర్లు. ఆమె సీల్ వేయకుండా అన్నీ ట్రేలలో ఉంచుతుంది, మీరు ప్రతిదీ చూస్తారు. చూసేటప్పుడు ఆమె టిక్కులు చూడకండి, వాటి మీద చెయ్యి పెట్టి మూసేయండి. వస్తువు నంబర్లు మీరు చదువుతూ స్లిప్‌తో పోల్చండి. టిక్కులు కనపడితే మీ కన్ను కూడా వాటినే నమ్ముతుంది, ఇద్దరు చూసినా ఒకరు చూసినట్టే అవుతుంది. వరసగా 50 ఆర్డర్లు మీకు ఒక్క తప్పు కూడా దొరకకపోతే, అప్పుడు ఐదింటిలో ఒకటి చూడటానికి మారండి. ఏ ఒకటో ముందే అనుకోవద్దు, చేతికొచ్చింది తీయండి. మళ్లీ తప్పు దొరికితే ఆ రోజు, మరుసటి రోజు అన్నీ చూడండి. అది శిక్ష కాదని, ఇద్దరికీ ఒకే నియమమని ముందే చెప్పాలి. మీరు ప్యాక్ చేసిన రోజు ఆమెతో మీ ట్రేలు చెక్ చేయించండి. మా ఇంట్లో అమ్మ నా తప్పు మొదటిసారి పట్టుకున్న రోజు నుంచి చెకింగ్ అంటే ఆమెకు చిన్నతనం పోయింది.

ఒక మాట చెప్పక తప్పదు, తప్పుల్లో కొన్ని మన వల్లే వస్తాయి. ఆమె వస్తువులు తీస్తుంటే వెనక నుంచి "ఆ నీలం క్లిప్పుల ఆర్డర్‌లో ఒకటి మార్చమన్నారు, గుర్తుపెట్టుకో" అంటాం. నోటి మాటగా చెప్పిన మార్పు మార్పే కాదని మేం నియమం పెట్టుకున్నాం. కొనుగోలుదారు రంగు మార్చమన్నా, అడ్రస్ మార్చమన్నా, నేనే ఆ స్లిప్ మీద పాతది కొట్టేసి కొత్తది రాసి పక్కన సంతకం పెడతాను. అడ్రస్ మారితే పాత లేబుల్ చించేసి కొత్తది ప్రింట్ చేస్తాను, పెన్నుతో దిద్దను. అలాగే పని మధ్యలో ఫోన్ వచ్చినా, ఎవరైనా పిలిచినా, ఆ ట్రే మొదటి నుంచి మళ్లీ చూడాలి. లేచేటప్పుడు స్లిప్ బోర్లా వేసి వెళ్లడం మా గుర్తు. తిరిగొచ్చాక బోర్లా ఉన్న స్లిప్ కనపడితే ఆ టిక్కులన్నీ లేనట్టే.

సీల్ చేసేటప్పుడు లేబుల్ విషయంలో నాలుగు జాగ్రత్తలు చాలు. అన్నిటికంటే పెద్దగా, చదునుగా ఉన్న వైపు అతికించాలి. బార్‌కోడ్ మడత మీదకు గానీ, కవర్ అతుకు మీదకు గానీ రాకూడదు. మెరిసే టేప్ బార్‌కోడ్ మీద వేయకూడదు, ముడత పడినా కాంతి తిరిగి కొట్టినా స్కానర్ చదవలేదు. పాత డబ్బా వాడితే దాని పాత లేబుల్ పూర్తిగా పీకేయాలి, లేకపోతే పార్సిల్ పాత అడ్రస్ దారి పట్టే ప్రమాదం ఉంది. ఇంకు లేకుండా వేడితో ప్రింట్ అయ్యే లేబుళ్లయితే ఎండ తగిలే కిటికీ దగ్గర రోల్ పెట్టకండి, కాగితం నల్లబడుతుంది, అక్షరాలు వెలిసిపోతాయి.

రోజువారీ వరసకు ఆధారం కొరియర్ వచ్చే సమయం. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకోండి. మనిషి సాయంత్రం 5కు వస్తాడనుకుంటే, 4 గంటలకు పార్సిళ్లన్నీ సీల్ అయి ఉండాలి. ట్రేకు ఆరేడు నిమిషాలు వేసుకుంటే 15 ఆర్డర్లకు గంటన్నర పైనే పడుతుంది, కాబట్టి 2కు మొదలు. ఆ రోజు ఆర్డర్లు తీసుకోవడం మధ్యాహ్నం 12కు ఆపేయాలి. 12 తర్వాత వచ్చినవి రేపటివి, ఎంత దగ్గరివాళ్లు అడిగినా సరే. ఆఖరి నిమిషంలో దూర్చిన ఆ ఒక్క పార్సిల్‌లోనే తప్పు జరగడం నేను చాలాసార్లు చూశాను.

వస్తువులు తేవడం మాత్రం ఐదేసి ట్రేల చొప్పున చేయించండి. ఐదు ఆర్డర్లకు సరిగ్గా కావాల్సినన్నే అరలోంచి తేవాలి, అదనంగా ఒకటి కూడా బల్ల మీదకు రాకూడదు. ఐదూ అయ్యాక బల్ల ఖాళీగా ఉండాలి. ఒక్క బ్యాండ్ మిగిలిందంటే, ఆ ఐదింటిలో ఏదో ఒకదాంట్లో అది లేదన్నమాట. "ఎక్స్‌ట్రా తెచ్చానేమో" అనుకుని తిరిగి అరలో పెట్టేయనివ్వకండి. ఐదు ఫోటోలు చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పదిహేనూ ఒకేసారి చేస్తే మిగిలిన ఆ ఒక్కటి ఎవరిదో వెతకడానికి అరగంట పడుతుంది, ఎవరికీ ఓపిక ఉండదు.

సాయంత్రం 4కు ఆఖరి లెక్క. ఆ రోజు ప్రింట్ చేసిన లేబుళ్లు ఎన్ని, సీల్ అయిన పార్సిళ్లు ఎన్ని, ఎర్ర అరలో ఆగినవి ఎన్ని. 15 లేబుళ్లు, 14 పార్సిళ్లు, ఆగినది 1. ఇందాక చెప్పినట్టు ఒట్టి లెక్క మోసం చేయగలదు, కాబట్టి ఆగిన ట్రేలో దాని సొంత లేబులే ఉందా అని అంకెలు చూడాలి. తర్వాత పార్సిళ్ల మీది చివరి నాలుగు అంకెలు ఒక నోట్‌బుక్‌లో రాయించండి. కొరియర్ మనిషి తీసుకునేటప్పుడు ఎన్ని తీసుకున్నాడో ఆ పేజీ కింద రాసి సంతకం చేయాలి, లేదా తన ఫోన్‌లో స్కాన్ చేసినవి ఎన్నో చూపించాలి. మనం 14 ఇచ్చి వాళ్ల దగ్గర 13 స్కాన్ అయితే ఆ క్షణంలోనే గుమ్మం దగ్గర తేల్చుకోవాలి, మర్నాడు ఎవరూ ఒప్పుకోరు.

అదే నోట్‌బుక్ వెనక పేజీల్లో తప్పులు రాయండి. చెకింగ్‌లో దొరికినవి, కొనుగోలుదారు చెప్పినవి, రెండూ. తేదీ, ఏం జరిగింది, ఏం మార్చాం. ఎవరు చేశారన్న గడి పెట్టకండి. మూడు వారాలకు వెనక్కి తిప్పి చూస్తే ఒకే రకం తప్పు రెండు మూడుసార్లు కనపడుతుంది, అప్పుడు మార్చాల్సింది అరనో, నంబర్‌నో, స్లిప్‌నో తెలుస్తుంది. మాకు 18, 81 నంబర్లు తారుమారైనట్టు అలాగే తెలిసింది. 81 తీసేసి దానికి 64 ఇచ్చాం, ఆ తప్పు మళ్లీ రాలేదు.

మీరైతే రేపే అన్నీ మార్చకండి. ఈ వారం ట్రేలు, స్లిప్‌తో లేబుల్ జత కట్టడం మాత్రమే మొదలుపెట్టండి. నంబర్లు వేయడానికి మీ దగ్గర ఎన్ని రకాలున్నాయో, అర ఎలా ఉందో రాస్తే, ఏవి దూరంగా పెట్టాలో నేను చూసి చెప్తాను.